ప్రొబేషన్‌లో సెలవు కావాలి, పాలసీలో ఏమీ రాయలేదు: ఎలా అడగాలి?

ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది, ప్రొబేషన్ ఇంకో మూడు నెలలుంది. మీకు మూడు రోజులు సెలవు కావాలి. అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏడాదికి 18 సెలవులని ఒక లైను ఉంది గానీ, ప్రొబేషన్‌లో వాటిని వాడుకోవచ్చో లేదో ఎక్కడా లేదు. లీవ్ పోర్టల్ తెరిస్తే బ్యాలెన్స్ దగ్గర సున్నా కనిపిస్తోంది. పక్క సీటులో ఉన్నాయన "ప్రొబేషన్‌లో లీవులుండవు" అంటాడు. ఇంకొకావిడ "నేను తీసుకున్నానే, ఎవరూ ఏమీ అనలేదు" అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. కాకపోతే ఒకరు జీతం వచ్చే సెలవు గురించి, ఇంకొకరు జీతం కోసుకుని ఇచ్చే సెలవు గురించి మాట్లాడుతున్నారు.

ఇలాంటప్పుడు నేరుగా "నాకు లీవ్ ఇస్తారా?" అని అడగకండి. పాలసీలో లేని దాని గురించి అలా అడిగితే, జవాబు చెప్పాల్సినవాళ్లకు "లేదు" అనడమే అన్నిటికన్నా తేలిక. ముందు రూలేమిటో తెలుసుకుని, ఆ తర్వాత తేదీలు అడగాలి. ఈ రెండు పనులూ వేర్వేరు మనుషుల దగ్గర, వేర్వేరు రోజుల్లో చేయాలి. ముందే తెలిసిన సెలవైతే నాలుగు వారాల ముందు మొదలుపెట్టండి.

మొదట: ఒక్క ప్రశ్నను నాలుగుగా విడగొట్టండి

"ప్రొబేషన్‌లో లీవ్ ఉందా?" అన్నదాంట్లో నాలుగు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. చేరిన రోజు నుంచి సెలవులు జమ అవుతున్నాయా, లేక కన్ఫర్మ్ అయ్యాకే లెక్క మొదలవుతుందా? జమ అవుతుంటే, కన్ఫర్మేషన్ రాకముందే వాడుకోవచ్చా? బ్యాలెన్స్ లేకపోయినా జీతం కోతతో, అంటే లాస్ ఆఫ్ పే కింద సెలవు పెట్టుకోవచ్చా, పెడితే రోజుకెంత కోస్తారు? చివరిది, చాలామంది అడగడం మరిచిపోయేది: సెలవు పెట్టినన్ని రోజులూ ప్రొబేషన్ ముందుకు జరుగుతుందా?

ఒకదానికి వచ్చిన జవాబు మిగతా మూడింటికీ జవాబు కాదు. సెలవులు మొదటి రోజు నుంచే జమ అవుతూ, కన్ఫర్మ్ అయ్యేదాకా వాటిని ముట్టుకోనివ్వని ఆఫీసులున్నాయి. ప్రొబేషన్‌లో పెట్టిన సెలవుకి జీతమిచ్చి, ప్రొబేషన్ మాత్రం అన్ని రోజులు పెంచేవీ ఉన్నాయి. మీ దగ్గర ఏది నడుస్తుందో ఊహించుకుంటే పేస్లిప్ చేతికొచ్చిన రోజున తెలుస్తుంది, అప్పటికి చేసేదేమీ ఉండదు.

రెండోది: కాగితాలను ఈ కళ్లతో మళ్లీ చదవండి

అపాయింట్‌మెంట్ లెటర్, ఉద్యోగుల హ్యాండ్‌బుక్, లీవ్ పాలసీ, పోర్టల్‌లోని లీవ్ పేజీ, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టుకోండి. "ప్రొబేషన్" అనే మాట కోసం వెతికి, కనిపించలేదని వదిలేయకండి. పాలసీ మౌనంగా ఉన్నట్టు కనిపించినా, వేరే మాటల చాటున జవాబు ఉండొచ్చు.

"కన్ఫర్మ్ అయిన ఉద్యోగులకు", "పర్మనెంట్ ఉద్యోగులకు", "అర్హత ఉన్న ఉద్యోగులకు" అని ఉందేమో చూడండి. మొదటి రెండు మాటల్లో ఏది ఉన్నా అది ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లను పక్కన పెట్టినట్టే. మూడోది ఉంటే, అర్హత అంటే ఏమిటో ఆ పాలసీ మొదటి పేజీల్లోనే ఎక్కడో రాసి ఉంటుంది, అక్కడికి వెళ్లి చదవండి. "అందరు ఉద్యోగులకు" అని ఉండి, ప్రొబేషన్‌ను మినహాయించే మాట ఎక్కడా లేకపోతే అది మీకు బలమైన ఆధారం. ఆ వాక్యాన్ని పేజీ నంబరుతో సహా రాసిపెట్టుకోండి.

క్రియలను కూడా గమనించండి. "సెలవులు జమ అవుతాయి" అనడం వేరు, "వాడుకోవచ్చు" అనడం వేరు. "ఆరు నెలల సర్వీసు తర్వాత వాడుకోవచ్చు" అని ఉంటే అది ప్రొబేషన్ గురించిన రూలు కాదు, సర్వీసు గురించిన రూలు. ప్రొబేషన్ మూడు నెలలకే ముగిసినా మీరు ఆరు నెలలు ఆగాల్సిందే.

"ప్రొబేషన్‌ను పొడిగించే హక్కు యాజమాన్యానికి ఉంది" అనే వాక్యం చాలా లెటర్లలో ఉంటుంది. అది సాధారణంగా పనితీరు చూసి తీసుకునే నిర్ణయం గురించి. సెలవు పెడితే ప్రొబేషన్ దానంతటదే పెరిగిపోతుందని దానికి అర్థం కాదు. అలా జరగాలంటే "గైర్హాజరైన రోజులు ప్రొబేషన్ లెక్కలోకి రావు" లాంటి మాట విడిగా ఉండాలి. లెటర్‌కీ హ్యాండ్‌బుక్‌కీ పొంతన కుదరకపోతే ఏది చెల్లుతుందో మీరే తేల్చుకోవద్దు. రెండు వాక్యాలూ చూపించి హెచ్ఆర్‌నే అడగండి.

ఒక్క మాట చట్టం గురించి. జబ్బు చేసినప్పుడు, ప్రసవానికి, ఇంకా కొన్ని సందర్భాల్లో ఇచ్చే సెలవులను చాలా చోట్ల చట్టమే నిర్ణయిస్తుంది. అలాంటి వాటి మీద ఆఫీసు పాలసీ మౌనంగా ఉన్నా, "ప్రొబేషన్‌లో లేదు" అని ఎవరైనా నోటితో చెప్పినా, అదే తుది మాట కాకపోవచ్చు. మీరు పనిచేసే చోటి కార్మిక శాఖ ప్రకటించిన నిబంధనలు చూసుకోండి.

మూడోది: హెచ్ఆర్‌కు తేదీలు లేకుండా రాయండి

మేనేజర్ కన్నా ముందు హెచ్ఆర్‌ను అడగమనడానికి కారణముంది. మీరు ఆ మూడు రోజులు లేకపోతే పని నడుస్తుందో లేదో మేనేజర్‌కు తెలుసు. జీతం ఎలా లెక్కకడతారో, ప్రొబేషన్ తేదీ కదులుతుందో లేదో ఆయనకు తెలియకపోవచ్చు. ఆయన "పర్లేదు, వెళ్లి రా" అంటే అది పని వరకే అనుమతి. దాన్ని జీతానికి కూడా అనుమతి అనుకోవడంతోనే చాలా గొడవలు మొదలవుతాయి.

ఈ మెయిల్‌లో సెలవు అడగడం లేదు, రూలు అడుగుతున్నారు. అందుకే తేదీలూ కారణమూ పెట్టకండి. మీ ఆఫీసులో మెయిళ్లు ఏ భాషలో నడుస్తాయో ఆ భాషలో ఈ తీరున రాయండి:

> నమస్తే అండీ,
>
> నేను జూన్ 3న చేరాను, ప్రస్తుతం ప్రొబేషన్‌లో ఉన్నాను. నా అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏడాదికి 18 సెలవులని ఉంది. ప్రొబేషన్ కాలానికి ఇవి ఎలా వర్తిస్తాయో లెటర్‌లోనూ హ్యాండ్‌బుక్‌లోనూ నాకు కనిపించలేదు. ఈ కింది విషయాలు తెలియజేయగలరు:
>
> 1. సెలవులు చేరిన తేదీ నుంచి జమ అవుతాయా? పోర్టల్‌లో ప్రస్తుతం సున్నా చూపిస్తోంది.
> 2. కన్ఫర్మేషన్‌కు ముందు సెలవు అవసరమైతే పోర్టల్‌లో ఏ రకం కింద అప్లై చేయాలి?
> 3. అది లాస్ ఆఫ్ పే అయితే రోజు జీతం ఎలా లెక్కిస్తారు? మధ్యలో వచ్చే వారాంతపు సెలవులు కూడా లెక్కలోకి వస్తాయా?
> 4. సెలవు పెట్టిన రోజుల వల్ల ప్రొబేషన్ ముగింపు తేదీ మారుతుందా?
>
> ధన్యవాదాలు.

రెండో ప్రశ్న ఎలా ఉందో చూడండి. "లీవ్ తీసుకోవచ్చా?" అని లేదు, "ఏ రకం కింద అప్లై చేయాలి?" అని ఉంది. మొదటిదానికి అవునో కాదో చెప్పి ఊరుకోవచ్చు. రెండోదానికి జవాబివ్వాలంటే ఉన్న దారేదో చూపించాలి. ప్రొబేషన్‌లో ఎవరికీ జ్వరం రాని ఆఫీసంటూ ఉండదు కాబట్టి, రాసి ఉన్నా లేకపోయినా ఏదో ఒక దారి నడుస్తూనే ఉంటుంది.

మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే అదే మెయిల్ మీద ఒక్క లైనుతో గుర్తు చేయండి. ఆ తర్వాతా రాకపోతే వెళ్లి కలవండి లేదా ఫోన్ చేయండి. నోటితో చెప్పిన జవాబును అదే రోజు "ఇందాక మీరు చెప్పింది నేను ఇలా అర్థం చేసుకున్నాను" అంటూ అదే మెయిల్‌కు జోడించి పంపండి.

ఎక్కువగా వచ్చే జవాబు "అది మీ మేనేజర్ ఇష్టం" అని. మేనేజర్‌ను అడిగితే ఆయన "హెచ్ఆర్‌ను అడుగు" అంటారు. ఇలా ఇద్దరి మధ్య తిరుగుతూ ఉంటే ఇద్దరికీ కలిపి ఒకే మెయిల్ పెట్టండి. "సెలవుకి అనుమతి మేనేజర్‌గారిది, ఏ రకం లీవ్ అనేది హెచ్ఆర్‌ది అని నాకు అర్థమైంది. ఈ రెండూ ఫలానా తేదీలోపు తెలిస్తే పోర్టల్‌లో అప్లై చేస్తాను" అని రాస్తే, ఎవరు దేనికి జవాబు చెప్పాలో తేలిపోతుంది. "జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే భావిస్తాను" అని మాత్రం రాయొద్దు. ప్రొబేషన్‌లో అది బెదిరింపులా వినిపిస్తుంది, పైగా జవాబు రాకపోవడం అనుమతి కిందకి రాదు.

నాలుగోది: ఎంత పోతుందో ముందే లెక్క వేసుకోండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. జూన్ 3న చేరారు, ప్రొబేషన్ ఆరు నెలలు, అంటే డిసెంబరు 2తో ముగుస్తుంది. చెల్లెలి పెళ్లికి సెప్టెంబరు 12 గురువారం, 13 శుక్రవారం, 16 సోమవారం సెలవు కావాలి. మధ్యలో శని, ఆదివారాలు ఎలాగూ ఆఫీసు ఉండదు. నెల జీతం 30,000.

ముందు జమ. ఏడాదికి 18 అంటే నెలకు ఒకటిన్నర. సెప్టెంబరు 2 నాటికి మూడు నెలలు నిండాయి కాబట్టి నాలుగున్నర రోజులు జమ కావాలి. వాటిని ఇప్పుడే వాడుకోనిస్తే మూడు రోజులూ జీతంతోనే గడిచిపోతాయి, ఇంకా ఒకటిన్నర మిగులుతుంది.

కానీ కొన్ని ఆఫీసుల్లో శాండ్‌విచ్ రూలు ఉంటుంది. సెలవు వారాంతానికి ముందూ వెనకా ఉంటే, మధ్యలోని శని, ఆదివారాలను కూడా సెలవుగానే లెక్కవేస్తారు. అప్పుడు మీ మూడు రోజులు అయిదవుతాయి. జమ అయిన నాలుగున్నర పోగా, అరరోజు జీతం కట్ అవుతుంది. గురు, శుక్రవారాలు మాత్రమే పెట్టుకుని సోమవారం వచ్చేస్తే చాలా చోట్ల ఈ రూలు తగలదు. అందుకే తేదీలు ఖాయం చేసుకునే ముందే ఇది అడగాలి.

జమ అయినవి వాడుకోనివ్వకపోతే మొత్తం లాస్ ఆఫ్ పే. ఇక్కడ రోజు జీతం లెక్కించే తీరును బట్టి కోత చాలా మారుతుంది. సెప్టెంబరులోని 30 రోజులతో భాగిస్తే రోజుకు 1,000, మూడు రోజులకు 3,000. శాండ్‌విచ్ రూలు కూడా ఉంటే అయిదు రోజులకు 5,000. అదే ఆ నెలలోని 21 పనిదినాలతో భాగిస్తే రోజుకు సుమారు 1,429, మూడు రోజులకు దాదాపు 4,286. పనిదినాలతో భాగించి, మళ్లీ శని, ఆదివారాలు కూడా కలిపి అయిదు రోజులకు కోస్తే దాదాపు 7,143 అవుతుంది. ఈ చివరిది న్యాయమైన లెక్క కాదు. భాగించేటప్పుడు పక్కన పెట్టిన వారాంతాన్ని కోసేటప్పుడు కలపకూడదు. పేస్లిప్‌లో అలా కనిపిస్తే మర్యాదగానే అడగండి, అది సాఫ్ట్‌వేర్ సెట్టింగులో పొరపాటు కావచ్చు.

ఇంకో దారి కూడా ఉంది. బ్యాలెన్స్ లేకపోయినా సెలవును ముందుగానే ఇచ్చి, తర్వాత జమ అయ్యేవాటిలో తగ్గించుకుంటారు. పోర్టల్‌లో మైనస్ మూడు అని కనిపిస్తుంది. ఇది మంచి ఏర్పాటే, కానీ అప్పు లాంటిది. ఆ మూడూ తిరిగి జమ కాకముందే మీరు మానేసినా, వాళ్లు వద్దన్నా, చివరి సెటిల్‌మెంట్‌లో కోసుకునే అవకాశముంది. ఒప్పుకునే ముందు ఆ సంగతి అడగండి.

అయిదోది: మేనేజర్‌తో మాట్లాడండి, ముందు పని గురించి

రూలు తెలిశాక మేనేజర్ దగ్గరికి వెళ్లండి. రెండు వారాలకన్నా తక్కువ సమయం మిగలకుండా చూసుకోండి. ప్రొబేషన్ రివ్యూ మీటింగులోనే ఈ మాట ఎత్తొద్దు. అక్కడ మీ పని మీద మాట్లాడాల్సిన సమయం సెలవు మీదికి పోతుంది. డెలివరీ, ఆడిట్, నెలాఖరు ముగింపు లాంటివి ఆ తేదీల్లో ఉన్నాయేమో టీమ్ క్యాలెండర్‌లో ముందే చూసుకుని వెళ్లండి.

ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు సెలవడిగితే మేనేజర్ మనసులో వచ్చే మొదటి ఆలోచన, ఆ రోజుల్లో పని ఎవరు చూస్తారని. కారణం ఆ తర్వాతి సంగతి. చాలామంది దీన్ని తిరగేసి, అయిదు నిమిషాలు కారణం చెప్పి, పని సంగతి "చూసుకుంటానండీ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మీరు ఇలా మొదలుపెట్టొచ్చు:

"సార్, సెప్టెంబరు 12, 13, 16 తేదీల్లో సెలవు కావాలి. మా చెల్లెలి పెళ్లి. ఆ వారం నా దగ్గర రెండు పనులున్నాయి. రిపోర్టు 11వ తేదీ సాయంత్రానికి ఇచ్చేస్తాను. కస్టమర్ టికెట్లు మాత్రం రోజూ వస్తాయి కాబట్టి, ఆ మూడు రోజులు టీమ్‌లో ఒకరు చూస్తామన్నారు. లీవ్ రకం గురించి హెచ్ఆర్‌ను అడిగాను, లాస్ ఆఫ్ పే కింద అప్లై చేయమన్నారు. మీకు ఈ తేదీలు ఇబ్బందా?"

కారణం ఒక్క వాక్యం చాలు, అది నిజమై ఉండాలి. పెళ్లికి వెళ్తూ జ్వరమని చెబితే, ఒక్క ఫొటోతో మీ ప్రొబేషన్ ప్రశ్న సెలవు నుంచి నిజాయితీ మీదికి మళ్లుతుంది. కారణం చెప్పుకోలేనిదైతే "కుటుంబ పని" అనండి. అది అబద్ధం కాదు, గుచ్చి గుచ్చి అడిగేవాళ్లూ తక్కువే.

మీ బదులు చూస్తామన్నవాళ్లను మేనేజర్ దగ్గరికి వెళ్లకముందే అడిగి ఒప్పించండి. వాళ్లకు ఇచ్చే హ్యాండోవర్ నోటు అరపేజీ దాటక్కర్లేదు: ఏ పని ఎక్కడిదాకా వచ్చింది, ఫైలు ఎక్కడుంది, ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి, మీకు ఫోన్ చేయాల్సినంత అవసరం ఏదైతే వస్తుంది. ఈ నాలుగో ముక్క రాయకపోతే ప్రతి చిన్నదానికీ ఫోన్ వస్తుంది, లేదంటే నిజంగా అవసరమైనప్పుడు రాదు.

ఈ మాటలన్నీ అయ్యేదాకా టికెట్లు బుక్ చేసుకోవద్దు. బుక్ చేసి అడిగితే అది అడిగినట్టు ఉండదు, చెప్పినట్టు ఉంటుంది.

"కుదరదు" అంటే వెంటనే వెనక్కి రాకండి. అడ్డం ఏమిటో తెలుసుకోండి. రోజులు ఎక్కువనా, ఆ తేదీలు బాలేదనా, లేక ప్రొబేషన్‌లో ఇస్తే మిగతావాళ్లు అడుగుతారనా? రోజులు ఎక్కువంటే రెండు చేయండి. తేదీలైతే, సోమవారం ఇంటి నుంచి పని చేయొచ్చేమో అడగండి, నిజంగా పని చేయగలిగితేనే. మిగతావాళ్ల సంగతైతే అది రూలు గురించిన ప్రశ్న, హెచ్ఆర్ ఇచ్చిన జవాబును చూపించండి. పెళ్లిలాంటి కదలని తేదీ అయితే ఆ మాటా స్పష్టంగా చెప్పండి: "13వ తేదీ ఒక్కటి నేను మార్చలేనండీ, మిగతా రెండూ మీరు ఎలా అంటే అలా." ఏది వదులుకోగలరో, ఏది వదులుకోలేరో తెలిస్తే ఆయనకు కూడా ఏదో ఒకటి ఇవ్వడం తేలికవుతుంది.

ఆరోది: పోర్టల్‌లో తప్పకుండా పెట్టండి, రాతలో ఉంచండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మేనేజర్ సరేనన్నారు, బ్యాలెన్స్ సున్నా కాబట్టి పోర్టల్‌లో పెట్టలేదు, ఊరెళ్లిపోయారు. మేనేజర్ అన్న మాట హాజరు సిస్టమ్‌కు తెలియదు. అది మూడు రోజులు ఆబ్సెంట్ అని వేసేసుకుంటుంది. లాస్ ఆఫ్ పే సెలవుకీ, అనుమతి లేని గైర్హాజరుకీ కోసే జీతం ఒకటే కావచ్చు, కానీ కన్ఫర్మేషన్ ఫైలులో అవి ఒకటి కావు. రెండోది క్రమశిక్షణ ఖాతాలోకి వెళ్తుంది. "వరుసగా ఇన్ని రోజులు సమాచారం లేకుండా రాకపోతే ఉద్యోగం వదిలేసినట్టు పరిగణిస్తాం" అనే నిబంధన మీ లెటర్‌లో ఉంటే అది ఇంకా ప్రమాదం.

హెచ్ఆర్ చెప్పిన రకం కిందే అప్లై చేయండి. పోర్టల్ ఒప్పుకోకపోతే అది చూపించే ఎర్రర్ మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి, "పోర్టల్ తీసుకోవడం లేదు, దయచేసి మీ వైపు నుంచి నమోదు చేయగలరు" అని హెచ్ఆర్‌కు పంపండి. సర్దుబాటు కోసం ఆన్ డ్యూటీ అనో, ఇంటి నుంచి పని అనో పెట్టమని ఎవరైనా చెప్పినా వినకండి. సలహా ఇచ్చింది వాళ్లే అయినా, తప్పుడు హాజరు మీ పేరు మీదే ఉంటుంది.

తర్వాత మేనేజర్‌కూ హెచ్ఆర్‌కూ కలిపి ఒక చిన్న మెయిల్:

> ఈ రోజు మనం మాట్లాడుకున్నట్టు, సెప్టెంబరు 12, 13, 16 తేదీల్లో (3 పనిదినాలు) లాస్ ఆఫ్ పే కింద సెలవు పోర్టల్‌లో అప్లై చేశాను. మధ్యలోని శని, ఆదివారాలు లెక్కలోకి రావని, ప్రొబేషన్ ముగింపు తేదీ డిసెంబరు 2గానే ఉంటుందని హెచ్ఆర్ తెలియజేశారు. హ్యాండోవర్ నోటు జత చేశాను. 17వ తేదీ మంగళవారం డ్యూటీలో ఉంటాను.

ఇందులో ప్రతి ముక్కకూ పని ఉంది. తేదీలతో పాటు రోజుల సంఖ్య కూడా ఉంది కాబట్టి మూడా, అయిదా అన్న వాదన రాదు. తిరిగి వచ్చే రోజు ఉంది కాబట్టి సోమవారం ఉదయం మీ కోసం ఎవరూ వెతకరు. ప్రొబేషన్ ముందుకు జరుగుతుందని హెచ్ఆర్ చెబితే, కొత్త తేదీ, అంటే ఇక్కడ డిసెంబరు 5, అదే రాయండి. మూడు రోజులు ఆలస్యమైనా పర్వాలేదనిపించవచ్చు, కానీ జీతం పెంపుకో బోనస్‌కో ఆ నెలలో కన్ఫర్మ్ అయి ఉండాలనే కటాఫ్ ఉంటే మూడు రోజులు కూడా లెక్కే.

ఆఫీసు మెయిల్, పోర్టల్ మీ చేతిలో లేని రోజు కూడా రావచ్చు కాబట్టి మీ అనుమతికి సంబంధించిన ఈ ఒక్క మెయిల్‌కూ, పోర్టల్ అప్రూవల్‌కూ కాపీ ఉంచుకోండి. ఆఫీసు రహస్యాలున్న మెయిళ్లను మాత్రం సొంత మెయిల్‌కు పంపుకోవద్దు.

ముందు చెప్పే వీలు లేకపోతే

హఠాత్తుగా జబ్బు చేసినా, ఇంట్లో ఆపద వచ్చినా పై క్రమమంతా తిరగబడుతుంది. అప్పుడు ముందు సమాచారం, తర్వాత రూలు. డ్యూటీ మొదలయ్యే సమయానికి ముందే మేనేజర్‌కు ఫోన్ చేయండి, ఎత్తకపోతే మెసేజ్ పెట్టండి. టీమ్‌లో స్నేహితుడికి చెబితే ఆఫీసుకు చెప్పినట్టు కాదు. మెసేజ్‌లో "ఒంట్లో బాలేదు, ఈ రోజు రాలేను, రేపటి సంగతి సాయంత్రం అయిదింటికి చెబుతాను" అని, మళ్లీ ఎప్పుడు చెబుతారో కూడా పెట్టండి, ఆ సమయానికి తప్పకుండా చెప్పండి. రెండో రోజు కూడా రాలేకపోతే మళ్లీ చెప్పాలి, మొదటి రోజు చెప్పింది రెండో రోజుకు సరిపోదు.

పాలసీలో సర్టిఫికెట్ ఎన్నో రోజు నుంచి కావాలో లేకపోతే మొదటి రోజే డాక్టర్ దగ్గర కాగితం తీసుకోండి. వారం తర్వాత అడిగితే పాత తేదీతో నిజాయితీగా ఎవరూ ఇవ్వలేరు. తిరిగి వచ్చిన రోజే పోర్టల్‌లో పెట్టేయండి.

ఇంకా చేరకపోతే

ఆఫర్ చేతిలో ఉండి, ప్రొబేషన్ కాలంలో పడే పెళ్లో, పరీక్షో, ఆపరేషనో ముందే ఖాయమై ఉంటే, ఆఫర్‌కు ఒప్పుకుంటున్నామని రాసే మెయిల్‌లోనే ఆ తేదీలు పెట్టండి. అప్పటికి వాళ్లకు మీరు కావాలి, కాబట్టి అడగడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాదు. జవాబు రాతలో తీసుకోండి. మిమ్మల్ని తీసుకున్న రిక్రూటర్‌తో ఫోన్‌లో అనుకున్న మాట, మీరు చేరాక మేనేజర్‌కు చేరి ఉంటుందని నమ్మొద్దు. చేరిన మొదటి వారంలోనే ఆ మెయిల్‌ను మేనేజర్‌కు పంపి గుర్తు చేయండి.

తిరిగి వచ్చాక

సెలవు పెట్టిన నెల పేస్లిప్‌తో పాటు ఆ తర్వాతి నెలదీ చూడండి. చాలా ఆఫీసుల్లో జీతాల లెక్కకు నెల ముగియకముందే ఒక కటాఫ్ తేదీ ఉంటుంది. మీ సెలవు దాని తర్వాత పడితే ఈ నెల పూర్తి జీతం వచ్చి, కోత వచ్చే నెలలో పడుతుంది. మొదటి పేస్లిప్ చూసి "జీతం కోయలేదు" అని సంతోషించి ఖర్చు పెట్టేస్తే, వచ్చే నెల ఇబ్బంది పడేది మీరే. పేస్లిప్‌లో లాస్ ఆఫ్ పే రోజులు అనే గడి ఉంటుంది. అక్కడ 3 ఉండాల్సిన చోట 5 ఉంటే ఆరో మెట్టులో రాసిన మెయిల్‌నే జతచేసి పేరోల్‌కు పంపండి, కొత్తగా ఏమీ వాదించనక్కర్లేదు.

ప్రొబేషన్ ముగియడానికి రెండు వారాల ముందు, అంటే ఈ ఉదాహరణలో నవంబరు 18 ప్రాంతంలో, కన్ఫర్మేషన్ తేదీ ఎంతని హెచ్ఆర్‌ను అడగండి. అదే మెయిల్‌లో, కన్ఫర్మ్ అయ్యాక చేరిన రోజు నుంచి జమ అయిన సెలవులన్నీ బ్యాలెన్స్‌లోకి వస్తాయా, లేక డిసెంబరు నుంచి కొత్తగా మొదలవుతాయా అని కూడా అడిగేయండి. ఆరు నెలలకు తొమ్మిది రోజులు మరి.